ఏడేళ్ల పాపకో బాబుకో ఆట సామాను కొనిస్తున్నారా? ముందు గోడ దగ్గర నిలబెట్టి కొలవండి

మా అక్క కొడుకు ఏడో పుట్టినరోజుకి నేను కొనిచ్చిన క్రికెట్ బ్యాట్ సైజు 5. "పెరిగే పిల్లాడు కదా, రెండేళ్లు వస్తుంది" అనుకుని కొన్నాను. చొక్కా అయితే చేతులు మడిచి తొడగొచ్చు. బ్యాట్‌ని మడవలేం. వాడు దాన్ని రెండు చేతులా ఎత్తలేక, పిడికి సగం కిందికి పట్టుకుని చీపురుతో వాకిలి ఊడ్చినట్టు అడ్డంగా ఊపడం అలవాటు చేసుకున్నాడు. రెండేళ్ల తర్వాత బ్యాట్ వాడికి సరిపోయింది కానీ, ఆ ఊడ్చే అలవాటు మాన్పించడానికి కోచ్‌కి ఒక వేసవి పట్టింది. ఈమధ్య మా చెల్లెలి కూతురికి ఏడేళ్లు నిండాయి. ఈసారి పద్ధతిగా కొన్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: మూడు కొలతలు, ఒక చిన్న పరీక్ష

పెట్టెల మీద "6 నుంచి 8 ఏళ్లు" అని రాసి ఉంటుంది. దాన్ని నమ్ముకోవద్దు. ఏడేళ్ల పిల్లల్లో 112 సెంటీమీటర్ల వాళ్లూ ఉంటారు, 128 ఉన్నవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ ఒకే బ్యాట్, ఒకే రాకెట్ సరిపోవు.

ఎత్తు కొలిచేటప్పుడు చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి నిలబెట్టండి. తల మీద గట్టి అట్ట ఉన్న పుస్తకం అడ్డంగా పెట్టి, దాని అంచు గోడకి తగిలిన చోట పెన్సిల్‌తో గీయండి. టేపుతో నేల నుంచి ఆ గీత దాకా కొలవండి. తర్వాత తల చుట్టుకొలత: కనుబొమల మీద ఒక వేలు వెడల్పు వదిలి, వెనక తల బాగా ఉబ్బుగా ఉన్న చోటు మీదుగా దర్జీ టేపు చుట్టండి. మూడోది మోకాలి మధ్య నుంచి పాదం పైభాగం దాకా. చివరి రెండూ క్రికెట్‌కి మాత్రమే పనికొస్తాయి కానీ, టేపు చేతిలో ఉండగానే రాసుకుంటే మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు.

ఇక పరీక్ష. ఒక చీపురుకట్టో కర్రో ఇచ్చి "బంతి కొట్టేలా పట్టుకో" అనండి, ఎలా పట్టుకోవాలో మాత్రం చూపించొద్దు. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెడితే కుడిచేతి బ్యాటింగ్. తిరగేసి పట్టుకుంటే ఎడమచేతి బ్యాటింగ్. కుడిచేత్తో రాసే పిల్లలు ఎడమచేతి బ్యాటింగ్ చెయ్యడం మామూలే. బ్యాట్‌కి ఈ తేడా లేదు కానీ, గ్లవుజులు కుడి ఎడమలకి వేరువేరుగా వస్తాయి. అందుకే ముందే తెలుసుకోవాలి.

మా మేనకోడలి కొలతలు ఇవీ: ఎత్తు 118 సెంటీమీటర్లు, తల చుట్టుకొలత 52, చీపురు పట్టుకుంటే ఎడమ చెయ్యి పైన. ఫోన్లో మా చెల్లెలు "ఏం అన్నయ్యా, గౌను కుట్టిస్తున్నావా?" అంది. కొనబోయేది ఆట సామాను అని చెప్పలేదు.

రెండో పని: ఎక్కడ, ఎవరితో ఆడతారో తెలుసుకోవడం

నేను చూసినవి మూడు ఆటలు: తాడాట, బ్యాడ్మింటన్, క్రికెట్. తాడాటకి తోడు అక్కర్లేదు. డాబా మీదో వాకిట్లోనో రెండు గజాల జాగా చాలు. బ్యాడ్మింటన్‌కి ఎదురుగా ఇంకొకరు ఉండాలి, గాలి తక్కువ ఉండాలి. క్రికెట్‌కి బంతి వేసేవాళ్లూ, ఏరుకొచ్చేవాళ్లూ, అద్దాలు పగలని చోటూ కావాలి. మీరు ఇచ్చినది వాళ్లకున్న జాగాలో ఆడలేకపోతే అటకెక్కుతుంది. పాప వాళ్లింటి ఎదురుగా ఖాళీ స్థలం ఉంది, సాయంత్రం ఆరేడుగురు పిల్లలు చేరతారు. పైగా 2025లో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచినప్పుడు, కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి బౌలింగ్ టీవీలో చూసినప్పటి నుంచి క్రికెట్టే కావాలంటోంది. కాబట్టి నాకు ఎంపిక తేలికైంది. మీకు వేరే ఆట కుదరొచ్చు కాబట్టి మూడింటి గురించీ చెబుతాను.

తాడాట: పొడవు సరిచెయ్యడమే అసలు పని

ఈ ఎత్తు పిల్లలకి ఏడడుగుల తాడు కొని, ఇంటికొచ్చాక తగ్గించుకోవాలి. దుకాణాల్లో ఎక్కువగా వేలాడేవి తొమ్మిది పదడుగుల పెద్దవాళ్ల తాళ్లు. పాపని తాడు మధ్యలో ఒక పాదంతో తొక్కి నిలబడమని, రెండు పిడులూ పైకి లాగండి. పిడుల చివర్లు చంకల దగ్గరికి రావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నాలుగు వేళ్లు ఎక్కువున్నా నష్టం లేదు. వెంటనే కత్తిరించకండి. పిడి లోపల ముడి జరిపి వారం ఆడనిచ్చి, అప్పుడు మిగిలినది కోయండి.

పొడవు తప్పితే ఆటలోనే తెలిసిపోతుంది. తాడు పొడవెక్కువైతే పిల్లలు మోచేతులు ఒంటికి దూరంగా చాపుతారు, తాడు పాదాలకి చాలా ముందు నేలని కొడుతుంది. పొట్టిదైతే తలకో కాలి వేళ్లకో తగులుతుంది, పిల్లలు మోకాళ్లు బాగా మడిచి కప్పలా గెంతుతారు. సరైన తాడుతో రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే చాలు.

రకాల్లో ప్లాస్టిక్ పూసలు గుచ్చిన తాడు నాకు నచ్చుతుంది. దానికి కాస్త బరువుంటుంది, గాల్లో వంపు చెదరదు. పూసలు నేలకి తగిలి టక్ మంటాయి. ఆ చప్పుడు విని ఎగరడం పిల్లలకి కళ్లతో చూసి ఎగరడం కంటే త్వరగా పట్టుబడుతుంది. మొదటి రెండు రోజులు రెండు పిడులూ ఒకే చేతిలో పట్టుకుని పక్కన తిప్పుతూ, టక్ మన్నప్పుడల్లా ఎగరమనండి. సన్నటి స్టీలు తీగ తాళ్లు మాత్రం కొనకండి. పిక్క మీద ఒక్కసారి తగిలితే వాత తేలుతుంది, ఇక ఆ పాప తాడు ముట్టుకోదు.

దీనికి ప్రత్యేకంగా రక్షణ సామాను లేదు. అడుగు మెత్తగా ఉన్న బూట్లు చాలు. నున్నటి టైల్స్ మీద, సాక్సులతో ఆడనివ్వొద్దు. గదిలో అయితే ఫ్యాను ఆపాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: తాడు మెడలో వేసుకుని తిరగకూడదు, జారుడుబల్ల ఎక్కేటప్పుడు చేతిలో ఉండకూడదు. తాడు ఎక్కడైనా చిక్కుకుంటే మెడకి బిగుస్తుంది. ఆట అయ్యాక పెద్దవాళ్లకి అందే కొక్కేనికి తగిలించండి.

బ్యాడ్మింటన్: రాకెట్ పొట్టిగా, పిడి సన్నగా

పెద్దవాళ్ల రాకెట్ పొడవు దాదాపు 67 సెంటీమీటర్లు. నిబంధనల ప్రకారం 68కి మించకూడదు. 118 సెంటీమీటర్ల పాప చేతిలో అది ఒంట్లో సగానికి మించిన పొడవు. రాకెట్ బరువు వంద గ్రాముల లోపే కదా అనుకుంటాం. ఇబ్బంది బరువుతో కాదు, దూరంతో. షటిల్ తగిలే చోటు చేతికి ఎంత దూరంగా ఉంటే మణికట్టుకి అంత కష్టం. అందుకే పిల్లలు పిడి వదిలేసి పైనున్న సన్నటి కడ్డీ పట్టుకుంటారు. మీ ఇంట్లో పాత రాకెట్‌తో ఆడే పిల్లల చెయ్యి అలా పైకి జరుగుతోందేమో చూడండి. జరిగితే ఆ రాకెట్ పెద్దదని అర్థం.

పిల్లల రాకెట్లు 21, 23, 25 అంగుళాల్లో దొరుకుతాయి. ఏడేళ్లకి ఎక్కువమందికి 21 గానీ 23 గానీ సరిపోతుంది. దుకాణంలో ఇలా చూడండి: పాప నిటారుగా నిలబడి, పిడి చివర పట్టుకుని చెయ్యి పక్కన వేలాడెయ్యాలి. రాకెట్ కొస నేలకి తగిలీ తగలనట్టు ఉండాలి. ఈడ్చుకుంటే పెద్దది. పిడి చుట్టూ వేళ్లు మూసినప్పుడు వేళ్ల కొసలకీ అరచేతి మెత్తకీ మధ్య ఒక చిటికెన వేలు పట్టే సందు మిగలాలి. సన్నగా ఉన్న పిడిని గ్రిప్ టేపు చుట్టి లావు చెయ్యొచ్చు, లావుగా ఉన్నదాన్ని సన్నం చెయ్యలేం. కాబట్టి అనుమానం ఉంటే సన్నదే తీసుకోండి.

చవక స్టీలు రాకెట్లలో తల, కడ్డీ కలిసే చోట విడిగా ఒక అతుకు ఉంటుంది. అక్కడ రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టి చూడండి. ఏ కాస్త కదిలినా వద్దు. ఊపులో తల ఊడి ఎదుటివాళ్ల మీద పడే ప్రమాదం ఉంది.

షటిల్ నైలాన్‌ది కొనండి. ఈకల షటిల్ పిల్లల చేతిలో పది నిమిషాల్లో విరిగిపోతుంది. నైలాన్ షటిల్ మూతి చుట్టూ రంగు పట్టీ ఉంటుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. మొదలుపెట్టేవాళ్లకి ఆకుపచ్చ పట్టీది మేలు. వల కట్టేట్టయితే పెద్దవాళ్లలా 5 అడుగుల ఎత్తు వద్దు, పిల్లల కళ్ల ఎత్తున కడితే చాలు.

ఈ ఆటలో కాపాడుకోవాల్సింది కళ్లు. పెద్ద బంతి మొహానికి తగిలితే కంటి చుట్టూ ఉన్న ఎముక చాలావరకు ఆపుతుంది. షటిల్ మూతి చిన్నది కాబట్టి నేరుగా కంటి గుంటలోకి దిగుతుంది. ఇద్దరు ఒకే వైపు ఆడుతున్నప్పుడు జోడీ రాకెట్ తగలడం మరో ప్రమాదం. పాపకి ఇప్పటికే కళ్లజోడు ఉంటే, కళ్లద్దాల దుకాణంలో చెప్పి అదే పవర్‌తో పాలికార్బొనేట్ అద్దాలున్న స్పోర్ట్స్ గాగుల్స్ చేయించండి. మామూలు అద్దాలు పగిలితే ముక్కలు కంట్లోకే వెళ్తాయి. కళ్లజోడు లేని పిల్లలకి కూడా పవర్ లేని పాలికార్బొనేట్ గాగుల్స్ దొరుకుతాయి. పెద్ద పిల్లలు గట్టిగా కొట్టే చోట ఆడేట్టయితే బహుమతిలో అవీ కలపండి.

క్రికెట్: బ్యాట్ కంటే ముందు బంతి

క్రికెట్‌లో అందరం బ్యాట్‌తో మొదలుపెడతాం. నా మాట వింటే బంతితో మొదలుపెట్టండి. బంతి ఏదో తేలితే ఏ బ్యాట్ కొనాలి, హెల్మెట్ కావాలా వద్దా అన్నీ దాన్నిబట్టే తేలతాయి.

టెన్నిస్ బంతి 58 గ్రాముల దగ్గర ఉంటుంది, నొక్కితే లోపలికి పోతుంది. పెద్దవాళ్ల లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములు, అంటే దాదాపు మూడింతలు, పైగా రాయిలా గట్టిది. పదమూడేళ్ల లోపు పిల్లలకి వాడే చిన్న లెదర్ బంతి కూడా 133 గ్రాములకి తగ్గదు. వీధుల్లో దొరికే కార్క్ బంతి చవక కాబట్టి పిల్లలు ఇష్టపడతారు, కానీ దెబ్బ విషయంలో దాన్ని లెదర్ బంతితో సమానంగానే చూడాలి. "హెవీ టెన్నిస్" అని ఎర్రగా ఉండే బంతి పేరుకే టెన్నిస్, మామూలు దానికంటే చాలా బరువు. మొదటి ఏడాది మెత్తటి టెన్నిస్ బంతి చాలు. ఇంకా భయపడే పిల్లలకి స్పాంజి బంతితో మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు బ్యాట్. వయసు పట్టికలు ఏడేళ్లకి సైజు 2 అంటాయి. ఎత్తు పట్టికలు చూస్తే నాలుగడుగుల నుంచి నాలుగడుగుల మూడంగుళాల దాకా సైజు 1, అక్కణ్నుంచి నాలుగున్నర అడుగుల దాకా సైజు 2 అని ఉంటుంది. కంపెనీని బట్టి కాస్త మారుతుంది. రెండూ వేరు చెబితే ఎత్తు పట్టికదే చెల్లుబాటు. ఆ తర్వాత పట్టిక పక్కన పెట్టి పిల్ల చేతికివ్వాలి.

బ్యాట్‌ని కాలి పక్కన నిలబెడితే పిడి కొస తుంటి దగ్గర ఆగాలి. నడుము దాటి పైకొస్తే పెద్దది. తర్వాత బరువు పరీక్ష: పైన పట్టుకునే చేత్తో మాత్రమే, అంటే కుడిచేతి బ్యాటర్ అయితే ఎడమ చేత్తో, పిడి కొస దగ్గర పట్టుకుని బ్యాట్‌ని ముందుకి నడుము ఎత్తు దాకా లేపి, నిదానంగా అయిదు లెక్కపెట్టేదాకా ఉంచమనండి. కొస కిందికి వాలినా, భుజం పైకి లేచినా, రెండో చెయ్యి సాయానికి వచ్చినా ఆ బ్యాట్ బరువే. నేరుగా కొట్టే షాట్లలో బ్యాట్‌ని నడిపించేది పై చెయ్యి. దానికి బలం చాలకపోతే కింది చెయ్యి పని లాగేసుకుంటుంది, బ్యాట్ అడ్డంగా తిరుగుతుంది. మా మేనల్లుడికి జరిగింది అదే.

పాపని దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణం ఆయన సైజు 4 తీసి, "ఇది తీసుకోండి సార్, మూడేళ్లు వస్తుంది" అన్నాడు. కాలి పక్కన నిలబెడితే బొడ్డు దాటింది. సైజు 2 తుంటికి కొంచెం పైకొచ్చింది. ఎడమ చేత్తో లేపమంటే మూడు అనేలోపు కొస వాలింది, పాప నాలుక పళ్ల మధ్య పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. సైజు 1 తుంటి దగ్గర సరిగ్గా ఆగింది. అయిదు లెక్కపెట్టాక కూడా దించకుండా, "మామయ్యా, ఇంకా లెక్కపెట్టు" అంది. అదే తీసుకున్నాం. అందులోనూ రెండు బ్యాట్లు పక్కపక్కన పట్టించి, చేతికి తేలిగ్గా అనిపించినది ఎంచుకున్నాం. ఒకే సైజులో కూడా బరువు మారుతూ ఉంటుంది.

చెక్క విషయానికొస్తే, కశ్మీర్ విల్లో చాలు. ఇంగ్లిష్ విల్లో ఈ వయసుకి డబ్బు దండగ. టెన్నిస్ బంతికోసమే చేసిన బ్యాట్ అయితే దాంతో లెదర్ బంతి ఆడితే చీలుతుంది, ఇంట్లో ఆ సంగతి చెప్పి ఇవ్వండి. సిమెంటు రోడ్డు మీదే ఆట అంతా జరిగేట్టయితే ప్లాస్టిక్ బ్యాట్ తక్కువేమీ కాదు. ఇంగ్లండ్‌లో అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి నడిపే క్రికెట్ శిక్షణలో ప్లాస్టిక్ బ్యాట్, మెత్తటి బంతితోనే నేర్పిస్తారు.

రక్షణ సామాను ఎప్పుడు, ఎలా చూసుకోవాలి

మెత్తటి బంతితో ఆడినంతకాలం బూట్లు, టోపీ సరిపోతాయి. ప్యాడ్లు, గ్లవుజులు వేస్తే ఆట బరువెక్కుతుంది తప్ప ఉపయోగం లేదు. వికెట్ల వెనక నిలబడే పిల్ల మాత్రం బ్యాట్ తిరిగే చోటికి కనీసం నాలుగు పెద్ద అడుగులు వెనక ఉండాలి. మెత్తటి బంతి ఆటలో తగిలే పెద్ద దెబ్బలు బంతివి కావు, బ్యాట్‌వి. ఇటుకలతో వికెట్లు పెట్టొద్దు, పడితే కాళ్ల మీద పడతాయి. నేను స్ప్రింగు పీట ఉన్న ప్లాస్టిక్ స్టంపులు కలిపి ఇచ్చాను.

లెదర్ బంతి చేతికి వచ్చే రోజు లెక్క మారుతుంది. హెల్మెట్, తొడల మధ్య పెట్టుకునే గార్డ్, ప్యాడ్లు, గ్లవుజులు నాలుగూ ఒకేసారి ఉండాలి. ఒకటి కొని ఒకటి తర్వాత చూద్దాం అనడానికి వీల్లేదు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు మార్గదర్శకాల్లో గట్టి బంతితో ఆడేటప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు బ్యాటింగ్‌కి హెల్మెట్ పెట్టుకోవాలని ఉంది. ఇంటి ముందు ఆడినా నేను అదే పాటించమంటాను.

హెల్మెట్ తల చుట్టుకొలతని బట్టి కొనాలి. పెట్టాక ముందు అంచు కనుబొమలకి కొంచెం పైన, నేలకి సమాంతరంగా ఉండాలి. గడ్డం పట్టీ బిగించి, తల అడ్డంగా ఊపమనండి. తలతోపాటే హెల్మెట్ తిరగాలి. తల తిరిగాక హెల్మెట్ తిరిగితే వదులు. చాలామంది చూడని విషయం ఒకటుంది: హెల్మెట్ అంచుకీ ముఖం ముందుండే జాలీ పై కడ్డీకీ మధ్య ఉన్న సందు. పిల్లల బంతి పెద్దవాళ్ల బంతి కంటే చిన్నది. పెద్దవాళ్ల బంతిని ఆపే సందులోంచి చిన్న బంతి దూరొచ్చు. కాబట్టి వాళ్లు ఆడే బంతినే దుకాణానికి తీసుకెళ్లి, ఆ సందులోకి నెట్టి చూడండి. దూరకూడదు. లోపల చీటీ మీద బీఎస్ 7928:2013 అన్న బ్రిటిష్ ప్రమాణం ఉందేమో, పిల్లల బంతికి పరీక్షించినట్టు రాశారేమో చూడండి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ని బయటికి బాగానే కనిపించినా మార్చాలి. అందుకే ఎవరో వాడి వదిలేసినది తీసుకోవద్దు. సైకిల్ హెల్మెట్‌కి జాలీ ఉండదు, అది దీనికి బదులు కాదు.

ప్యాడ్ల కొలత మోకాలిని బట్టి ఉంటుంది. మోకాలి చిప్ప సరిగ్గా ప్యాడ్‌లోని మోకాలి మడత మధ్యలో కూర్చోవాలి. పెద్ద ప్యాడ్లు తొడకి గుచ్చుకుంటాయి, పరుగెత్తేటప్పుడు ఒకదానికొకటి తట్టుకుని పడతారు. వేసి పది అడుగులు పరుగెత్తించి చూడండి. గ్లవుజుల్లో వేలి కొసకీ గ్లవుజు కొసకీ మధ్య అర సెంటీమీటరు దాకా ఖాళీ ఉండొచ్చు, అంతకు మించితే పిడి పట్టు జారుతుంది. గార్డ్ మగపిల్లలకే అనుకుంటారు, ఆడపిల్లలకీ వేరుగా దొరుకుతుంది.

ఇచ్చాక రెండు వారాలకి

బహుమతి ఇచ్చి వదిలెయ్యకుండా పదిహేను రోజుల తర్వాత ఒక్క సాయంత్రం వాళ్ల ఆట చూడండి. చెయ్యి పిడి మీద కిందికి జరిగిందా, మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయిందా, ఆట అయ్యాక మణికట్టో భుజమో నొప్పి అంటున్నారా? అలా అయితే సైజు తప్పింది, బిల్లు ఉంటే మార్చేసుకోండి. అందుకే కొనేటప్పుడు బిల్లు తీసుకుని, వాడాక సైజు మార్చుకోవచ్చా అని అడిగి పెట్టుకోవాలి. పిచ్ పొడవు కూడా చూడండి. 22 గజాల నుంచి వేస్తే ఈ వయసువాళ్ల బంతి మూడు సార్లు పడి వస్తుంది. పదిహేను గజాలకి దగ్గర చేస్తే ఒక్కసారి పడి బ్యాట్ మీదికి వస్తుంది.

మా పాప ఆటకి నేను వెళ్లినప్పుడు వాళ్లు స్టంపులు 22 గజాలకి పాతి ఉన్నారు, టీవీలో అంతే ఉంటుందని. అడుగులు కొలిచి దగ్గరికి జరిపాం. ఆ సాయంత్రం పాప ఎడమ మోచెయ్యి పైకి లేపి, బంతిని బౌలర్ పక్కనుంచి నేరుగా కొట్టింది. వాళ్లింటి గోడ మీద పెన్సిల్ గీత ఇంకా ఉంది, పక్కన తేదీ రాశాం. ఈ వయసులో ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు కాబట్టి వచ్చే పుట్టినరోజుకి మళ్లీ అక్కడే నిలబెట్టి కొలుస్తాం. అప్పుడు సైజు 2 ని ఎడమ చేత్తో అయిదు లెక్కపెట్టేదాకా నిలిపితే, సైజు 1 పక్కింటి ఆరేళ్ల బుడ్డోడికి వెళ్తుంది.